మీటరు దీపం లెక్క: కరెంటు పొదుపు పోస్టుల డైరీ

ఏప్రిల్ 6

విశాఖ సీతమ్మధారలో మా వీధి నివాసుల సంఘం ఖాతా కోసం కరెంటు పొదుపు మీద ఏడు చిన్న పోస్టులు తయారుచేస్తున్నాం. ఒక్కోటి ఫోను తెర మీద వేలు జరపకుండా చదివేంత, అంటే అరవై మాటలకు కాస్త అటూ ఇటూ. పెట్టుకున్న షరతు ఒక్కటే: పోస్టు చదివినవాళ్లు ఎవరినీ అడగకుండా అదే రోజు తమ ఇంట్లో చేసి చూడగలగాలి. అందుకని ప్రతి పోస్టునూ ముందు ఏడు ఇళ్లకు కాగితం మీద రాసి ఇస్తాం. వాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడ మాట మారుస్తాం.

మొదట చేతికొచ్చిన పాత చిట్కాల జాబితా పక్కన పెట్టేశాం. అందులో మొదటిది "ఛార్జర్లు ప్లగ్‌లో వదిలేయకండి". ఫోను తగిలించని ఇప్పటి ఛార్జరు లాగేది వాటులో పదో వంతు దగ్గర. నెలంతా వదిలేసినా యూనిట్‌లో పదో వంతు దాటదు. ఆ చిట్కా పాటించినవాళ్లు బిల్లు తగ్గలేదని మిగతావి కూడా నమ్మరు. ఏది ఎంత లాగుతోందో ఎవరింట్లో వాళ్లు చూసుకోగలిగితే జాబితాతో పని లేదు. ఆ కొలిచే సాధనం ప్రతి ఇంటికీ ఇప్పటికే ఉంది. మీటరు మీద మినుకుమినుకుమనే చిన్న ఎర్ర దీపమే అది.

ఏప్రిల్ 9

లెక్క ఇది. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఎక్కడో `3200 imp/kWh` అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒక యూనిట్ ఖర్చయ్యేసరికి దీపం 3200 సార్లు మినుకుతుందని దాని అర్థం. పది మినుకులకు ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తే ఆ క్షణాన ఇల్లు ఎన్ని వాట్లు లాగుతోందో తెలిసిపోతుంది.

```
W = 11250 / T
```

ఇక్కడ `T` అంటే పది మినుకులకు పట్టిన సెకన్లు. 75 సెకన్లు పడితే 150 వాట్లు. మీటరు మీద 1600 అని ఉంటే 11250 బదులు 22500 తీసుకోవాలి, 6400 అని ఉంటే 5625.

ఏడు ఇళ్లలో నాలుగు మొదటిసారి తప్పాయి. తప్పులు మూడే రకాలు, కానీ మూడూ పోస్టులో కనబడాల్సినవే.

మొదటిది, వేరే దీపాన్ని లెక్కపెట్టడం. మీటరు మీద రెండు మూడు దీపాలుంటాయి. ఆగకుండా వెలిగేది లెక్కకు పనికిరాదు. `imp/kWh` అక్షరాల పక్కన ఉండేదే మనది.

రెండోది, మొదటి మినుకును "ఒకటి" అనడం. మొదటి మినుకుకు గడియారం మొదలుపెడతాం కాబట్టి అప్పుడు "సున్నా" అనాలి. "ఒకటి" అంటే పది విరామాలకు బదులు తొమ్మిదే కొలుస్తాం, 150 వాట్లు కాస్తా 167గా కనిపిస్తాయి. చిన్న పొరపాటే, కానీ ఇంట్లో 14 వాట్ల వస్తువును వెతుకుతున్నప్పుడు దాన్ని పూర్తిగా మింగేస్తుంది.

మూడోది మన అపార్ట్‌మెంట్ల సంగతి. మీటర్లన్నీ కింద ఒకే బోర్డు మీద వరసగా ఉంటాయి. ఫ్లాటు నంబరు రాసిన స్టిక్కర్లు ఎప్పుడో ఊడిపోయి ఉంటాయి, లేదా అద్దెకున్నవాళ్లు మారినప్పుడు తారుమారై ఉంటాయి. బిల్లు మీది సర్వీసు నంబరునో మీటరు నంబరునో బోర్డు మీది దానితో పోల్చుకున్నాకే లెక్క మొదలుపెట్టాలి. ఇంకా సందేహంగా ఉంటే పైన ఇస్త్రీ పెట్టె వేసి చూస్తే చాలు, మన మీటరు దీపం పరుగెత్తుతుంది.

మొదటి పోస్టు చివరికి ఇలా వచ్చింది:

> మీ ఇల్లు ఇప్పుడు ఎన్ని వాట్లు లాగుతోంది? బిల్లు మీది సర్వీసు నంబరుతో మీ మీటరు గుర్తుపట్టండి. imp/kWh పక్కన మినుకే దీపం చూడండి. మినుకు కనబడగానే "సున్నా" అని ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కండి. "పది" దగ్గర ఆపండి. 11250ని ఆ సెకన్లతో భాగించండి. (మీటరు మీద 3200 ఉంటేనే. 1600 ఉంటే 22500.) వచ్చినవి వాట్లు.

కుండలీకరణం తీసేద్దామా అన్న చర్చ చాలాసేపు సాగింది. ఉంచాం. అది లేకపోతే 1600 మీటరున్న ఇంటికి అన్నీ సగానికి సగం తక్కువగా వస్తాయి.

పరిమితి కూడా ఉంది. గీజరు లాంటి 2000 వాట్ల వస్తువు నడుస్తుంటే పది మినుకులు ఆరు సెకన్లలోపే అయిపోతాయి, కన్ను పట్టలేదు. అప్పుడు ఫోనులో అరనిమిషం వీడియో తీసి నిదానంగా లెక్కపెట్టుకోవాలి. డాబా మీద సోలార్ పలకలున్న ఇళ్లవాళ్లు చీకటి పడ్డాకే చేయాలి. పగలు బయటికి వెళ్లే కరెంటుకు కూడా దీపం మినుకుతుంది.

ఏప్రిల్ 13

రెండో పోస్టు అన్నిటికంటే ముఖ్యమైనది. ఇంట్లో ఎవరూ ఏమీ వాడనప్పుడు కూడా మీటరు ఎంత తిరుగుతోంది అన్నది. ఆగకుండా లాగే ఒక్కో వాటు 30 రోజుల్లో 0.72 యూనిట్ అవుతుంది. వంద వాట్లు అలా ఉంటే 72 యూనిట్లు, మనం స్విచ్ వేయకుండానే.

దీని పరీక్ష ఒక రెండు పడకగదుల ఫ్లాటులో పూర్తిగా చేశాం. పైన ఒకరు, కింద మీటరు దగ్గర ఒకరు, ఇద్దరి మధ్య ఫోను. లైట్లు, ఫ్యాన్లు, ఏసీ, గీజరు అన్నీ కట్టేశారు. ఫ్రిజ్ ప్లగ్ తీసేశారు, ఎందుకంటే అది నడుస్తూ ఆగుతూ ఉండి లెక్కను చెడగొడుతుంది. అరగంట తలుపు తెరవకపోతే లోపలివి పాడవవు. అయితే తీసిన ప్లగ్ అయిదు నిమిషాలు కాకుండా మళ్లీ పెట్టకూడదు, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

ఇంట్లో ఏమీ నడవడం లేదనుకున్న ఆ సమయంలో పది మినుకులకు 75 సెకన్లు. అంటే 150 వాట్లు, నెలకు 108 యూనిట్లు.

అక్కడి నుంచి ఒక్కొక్కటే గోడ దగ్గర స్విచ్ కట్టేస్తూ ప్రతిసారీ మళ్లీ లెక్కపెట్టారు.

"ముందు టీవీ, సెట్‌టాప్ బాక్స్ కట్టేయండి అంకుల్."

"కట్టేశానమ్మా. ఎంతొచ్చింది?"

"ఎనభై మూడు."

75 నుంచి 83కి వచ్చిందంటే 14 వాట్లు తగ్గాయి. అందులో టీవీ వాటా ఒక వాటు కూడా ఉండదు. రిమోట్‌తో ఆపిన సెట్‌టాప్ బాక్స్ తెర మాత్రమే ఆపుకుంటుంది, లోపల దాదాపు అంతే పని చేస్తూ ఉంటుంది. దాన్ని చేత్తో ముట్టుకుంటే తెల్లవారుజామున కూడా వెచ్చగానే ఉంటుంది.

తర్వాత ఇన్వర్టర్. 83 కాస్తా 155 అయింది. 63 వాట్లు! దీని సంగతి వేరుగా రాయాలి.

సీసీ కెమెరాల పెట్టె, దాని నాలుగు కెమెరాలు ఆపితే 281 సెకన్లు. అవి దాదాపు 33 వాట్లు. వైఫై పెట్టె ఆపితే 375, అది 10 వాట్లు. ఇంకా 30 వాట్లు మిగిలాయి. ఇంట్లోవాళ్లకు ఇక ఆపడానికి ఏమీ కనబడలేదు.

ఇలాంటప్పుడు లోపలి బోర్డులో ఎంసీబీలు ఒక్కొక్కటే దించాలి. ఏసీ ఎంసీబీ దించగానే 30 వాట్లు కాస్తా 16 అయ్యాయి. ఏసీని రిమోట్‌తో ఆపారు కానీ దాని స్టెబిలైజరు వెలుగుతూనే ఉంది. ఖాళీగా ఉన్న స్టెబిలైజరు లోపలి ట్రాన్స్‌ఫార్మర్ వేడికే 14 వాట్లు పోతున్నాయి. మిగిలినవాటిలో 14 వాట్లు పూజగదిలో దొరికాయి. పటాల వెనక ఎర్ర జీరో బల్బు. పేరుకే జీరో, పాతకాలపు తీగ బల్బు అయితే 12 నుంచి 15 వాట్లు తాగుతుంది. పాత చక్రం మీటర్లు అంత చిన్న లోడుకు కదిలేవి కావు కాబట్టి ఆ పేరు నిలబడిపోయిందంటారు. ఇప్పటి మీటరు వదలదు. అదే వెలుగు అర వాటు ఎల్‌ఈడీ దీపం ఇస్తుంది.

అదీ తీసేశాక దీపం తొమ్మిది నిమిషాలకు ఒక్కసారి మినికింది. కాలింగ్ బెల్, నీళ్ల ఫిల్టరు అడాప్టరు లాంటివి కలిపి రెండు వాట్లు. అక్కడితో ఆపేయొచ్చు.

ఇన్ని అంకెలు పోస్టులో పెట్టలేం. ఒక్క వాక్యమే పెట్టాం: "అన్నీ ఆపాక పది మినుకులకు 180 సెకన్ల కంటే తక్కువ పడితే, ఒక్కొక్క ప్లగ్ తీస్తూ వెతకండి." కెమెరాలు, వైఫై ఆపమని రాయలేదు. అవి ఉండాల్సినవే. వాటిని ఉంచుకున్నా సుమారు 60 వాట్ల దగ్గర ఆగాలన్నది మా అంచనా, 180 అక్కడి నుంచి వచ్చింది.

ఏప్రిల్ 16

ఇన్వర్టర్ పోస్టు రెండుసార్లు తప్పు రాసి చించేశాం.

మొదటి చిత్తులో "ఇన్వర్టర్ ప్లగ్ తీసి తేడా చూడండి" అని ఉంది. ఒక ఇంట్లో దాన్ని అలాగే చేసి 210 వాట్లు అని రాసిచ్చారు. ఆ సమయంలో ఇన్వర్టర్ లైను మీద రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ప్లగ్ తీయగానే ఆ ఫ్యాన్లు బ్యాటరీ మీదికి మళ్లాయి, మీటరు దృష్టిలో అవి కూడా మాయమయ్యాయి. కాబట్టి ముందు ఇన్వర్టర్ లైను మీదున్న పాయింట్లన్నీ కట్టేయాలి, ఆ తర్వాతే దాని ప్లగ్ తీయాలి.

రెండో చిత్తులో సమయం రాయలేదు. కరెంటు పోయి వచ్చిన తర్వాత బ్యాటరీ నిండడానికి గంటలు పడుతుంది, ఆ సమయంలో కొన్ని వందల వాట్లు లాగడం సహజం. పన్నెండు గంటలుగా కరెంటు పోకుండా ఉన్నప్పుడే పరీక్ష చేయాలి. వేసవిలో మధ్యాహ్నం ఒక గంట కరెంటు పోయిన రోజు చేసిన లెక్క దేనికీ పనికిరాదు.

బ్యాటరీ బాగుంటే, నిండిన తర్వాత ఇన్వర్టర్ 10 నుంచి 20 వాట్ల మధ్య ఉంటుంది. ఆ ఫ్లాటులో 63 వాట్లు వస్తున్నాయంటే అయిదేళ్ల నాటి ఆ బ్యాటరీ ఎప్పటికీ నిండడం లేదు. లోపలి పలకల మీద గట్టిపడిన సల్ఫేటు వల్ల ఒకటి రెండు సెల్లులు బలహీనపడితే, ఛార్జరు అది నిండలేదనుకుని పోస్తూనే ఉంటుంది. పోసింది వేడిగా మారుతుంది, నీరు ఆవిరవుతుంది. గుర్తులు మూడు: బ్యాటరీ పక్కలు ఎప్పుడూ వెచ్చగా ఉండటం, డిస్టిల్డ్ వాటర్ రెండు నెలలకోసారి పోయాల్సిరావడం, కరెంటు పోతే ఒకప్పుడు మూడు గంటలు వచ్చింది ఇప్పుడు ముప్పావుగంటకే కూయడం.

మూడు గుర్తులూ ఉంటేనే మార్చమని రాశాం. మొదట నీటి మట్టం చూసి, తక్కువుంటే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోసి, రెండు రోజుల తర్వాత మళ్లీ లెక్కపెట్టాలి. కుళాయి నీరు, బోరు నీరు పోస్తే పలకలు ఇంకా త్వరగా పోతాయి. నీరు పోసేటప్పుడు దగ్గర్లో దీపం, అగరొత్తి ఉండకూడదు. ఛార్జయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. మన ఇళ్లలో చాలాచోట్ల బ్యాటరీ బండి పూజగది పక్కనే ఉంటుంది కాబట్టి ఈ మాట పోస్టులో మొదటి వాక్యంగా పెట్టాం.

ఏప్రిల్ 20

యూనిట్లను రూపాయల్లోకి మార్చడం దగ్గర అందరూ సగటు తీస్తారు. బిల్లును యూనిట్లతో భాగించి, మిగిలే యూనిట్లను ఆ రేటుతో గుణిస్తారు. అది తప్పు. తగ్గే యూనిట్లు కింది శ్లాబులోంచి తగ్గవు, పైనున్న శ్లాబులోంచే తగ్గుతాయి.

2022లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లు రూ. 1.90 చొప్పున, 75 దాకా రూ. 3, 125 దాకా రూ. 4.50, 225 దాకా రూ. 6, 400 దాకా రూ. 8.75, ఆపైన రూ. 9.75. నెలకు 310 యూనిట్లు కాల్చే ఇల్లు తీసుకుందాం. ఈ లెక్కన ఎనర్జీ ఛార్జి రూ. 1,760.75. సగటు రూ. 5.68. అందులో 50 యూనిట్లు తగ్గితే సగటు ప్రకారం రూ. 284 మిగలాలి. నిజానికి మిగిలేది రూ. 437.50, ఎందుకంటే ఆ 50 యూనిట్లూ రూ. 8.75 మెట్టు మీదివే. నెలకు 120 యూనిట్లు కాల్చే ఇంట్లో మొదట తగ్గే 45 యూనిట్లూ రూ. 4.50 చొప్పునే మిగులుస్తాయి. ఫిక్స్‌డ్ ఛార్జి, సర్దుబాటు ఛార్జీలు వీటికి అదనం.

పోస్టులో ఒకటే వాక్యం: "మీ బిల్లులో చివరి శ్లాబు రేటు చూడండి, మీరు తగ్గించే ప్రతి యూనిట్ విలువ ముందుగా అదే." రేట్ల పట్టిక పెట్టలేదు. టారిఫ్ మారితే పాత పోస్టు తిరుగుతూనే ఉంటుంది, బిల్లు మీది అంకె మాత్రం ఎప్పుడూ అప్పటిదే.

ఏప్రిల్ 27

ఫ్యాన్ల పోస్టు సులువుగా అయిపోయింది. మామూలు ఫ్యాను ఫుల్ స్పీడ్‌లో 75 వాట్లు, బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను 30 దగ్గర. రోజుకు 12 గంటలు తిరిగే ఫ్యాను మారిస్తే నెలకు 16 యూనిట్లు తగ్గుతాయి. రూ. 8.75 శ్లాబులో అది రూ. 140. రోజుకు రెండు గంటలు తిరిగే గదిలో మార్చడం దండగ, అది స్పష్టంగా రాశాం. విశాఖ ఉక్కపోతకు పడకగది ఫ్యాను, హాలు ఫ్యాను మాత్రమే ఆ పన్నెండు గంటలు దాటుతాయి.

ఒక్క జాగ్రత్త. బీఎల్‌డీసీ ఫ్యానుకు పాత రెగ్యులేటరు లైనులో ఉండకూడదు. బిగించేవాళ్లు దాన్ని తీయకుండా ఫుల్‌లో పెట్టి వెళ్లిపోతారు. పిల్లలెవరో రెండులోకి తిప్పుతారు, లోపలి సర్క్యూట్‌కు వోల్టేజి చాలక ఫ్యాను ఆగి ఆగి తిరుగుతుంది, కొన్నాళ్లకు ఆ సర్క్యూటే పోతుంది. రెగ్యులేటరు తీసేయించి ఆ స్థానంలో మూత వేయించాలి.

మే 4

ఏసీ పోస్టు. "24లో పెట్టండి" అన్నది ఇక చెప్పనక్కర్లేదు, 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న కొత్త గది ఏసీలు మొదట ఆన్ చేసినప్పుడు 24 దగ్గరే మొదలవుతాయి. మా దగ్గర అసలు కష్టం వేడి కంటే తేమ. గాలిలోని నీటిని తీయడానికే ఏసీ పనిలో చాలా భాగం పోతుంది. కిటికీ సందులోంచి వచ్చే సముద్రపు గాలి ఆ పనిని రాత్రంతా మళ్లీ మొదటికి తెస్తుంది. అందుకే తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ వేయడం, 27లో పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పడం, ఈ రెండింటికే పోస్టు పరిమితం చేశాం.

దీనికీ మీటరే సాక్షి. ఇన్వర్టర్ ఏసీ ఆన్ చేసిన మొదట్లో పది మినుకులు ఏడెనిమిది సెకన్లలో అయిపోతాయి. గంట తర్వాత గది చల్లబడి ఉంటే ఇరవై సెకన్ల దాకా సాగాలి. గంట తర్వాత కూడా ఎనిమిదిలోనే ఉంటే ఏసీ గెలవడం లేదు. ముందు ఫిల్టరు చూడాలి, తర్వాత బయట పెట్టెను. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో దాని రేకుల మీద ఉప్పు, దుమ్ము కలిసి పొరలా పేరుకుంటాయి. మెయిన్ ఆపి, ఒత్తిడి లేని మంచినీటితో కడగాలి. గట్టిగా కొడితే పలచని రేకులు వంగి గాలి దారి మూసుకుపోతుంది.

మే 18

పరీక్ష చేసిన ఫ్లాటులో జీరో బల్బు మారింది, ఏసీ వాడనప్పుడు స్టెబిలైజరు కట్టేస్తున్నారు, సెట్‌టాప్ బాక్స్ రాత్రిళ్లు ఆపుతున్నారు, బ్యాటరీ కొత్తది వచ్చింది. మే నెల బిల్లును ఏప్రిల్ బిల్లుతో పోల్చలేదు, ఎండలతో ఏసీ వాడకం పెరిగి ఆ పోలిక మోసం చేస్తుంది. అదే పరీక్ష అదే పద్ధతిలో మళ్లీ చేశాం. 75 సెకన్లు 187 అయింది, 60 వాట్లు. 90 వాట్ల తేడా.

ఏడింటిలో ఒక ఇల్లు మాత్రం లెక్కకు అందలేదు. అన్నీ ఆపినా దీపం మినుకుతూనే ఉంది. మీటరు మీద `EL` దీపం కూడా వెలుగుతోంది. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా లేవని ఆ దీపం చెబుతుంది. పక్క ఫ్లాటులో గీజరు వేయించి చూస్తే వీళ్ల మినుకు వేగం పెరిగింది. రెండు ఫ్లాట్ల న్యూట్రల్ తీగలు ఎక్కడో కలిశాయి. రెండింట్లో ఏది ఎక్కువైతే దాన్నే మీటరు లెక్కలోకి తీసుకుంటుంది, అంటే పక్కవాళ్ల గీజరు వీళ్ల బిల్లులో కూడా పడుతోంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియను ఫ్లాటు బోర్డు దగ్గర తీగలు విడదీశాక `EL` ఆరిపోయింది. మీటరు సీలు ఎవరూ ముట్టుకోలేదు.

ఏడో పోస్టుగా వేరేదేదో అనుకున్నాం. దాని బదులు ఇది వెళ్తోంది:

> మీ మీటరు మీద EL దీపం వెలుగుతోందా? ఇంట్లో అన్నీ ఆపి, మెయిన్ ఆన్‌లోనే ఉంచి చూడండి. మినుకు ఆగకపోతే మెయిన్ కూడా ఆపండి. అప్పుడు ఆగితే తేడా మీ వైరింగులోనో, పక్క ఫ్లాటుతో కలిసిన న్యూట్రల్‌లోనో ఉంది, ఎలక్ట్రీషియనును పిలవండి. మెయిన్ ఆపినా మినుకుతూనే ఉంటే మీటరు దగ్గర సమస్య. 1912కు ఫోను చేయండి. సీలు ముట్టుకోవద్దు.